ఆమె శని మీ చంద్రుడి మీద పడింది

"పొంతనల్లో పాయింట్లు బాగానే వచ్చాయన్నారు. కానీ పెళ్లై నాలుగు నెలలు, తను ఏమన్నా నన్ను తప్పుపట్టినట్టే ఉంటోంది. రెండు చక్రాలూ కలిపి చూస్తే ఏమైనా తెలుస్తుందా?"

పాయింట్లు ప్రధానంగా ఇద్దరి చంద్రుల్నీ చూసి వేసేవే తమ్ముడూ. మిగతా గ్రహాలు అందులోకి పెద్దగా రావు. అందుకే మీ చక్రంలో ఆమె గ్రహాల్ని డిగ్రీలతో సహా వేసి చూశాను.

మీ చంద్రుడు వృషభంలో 12 డిగ్రీలు. ఆమె శని అదే రాశిలో 14. మధ్యలో రెండే డిగ్రీలు! దీన్ని శాస్త్రం చెప్పేది ఇలా: చంద్రుడు మనసు, శని హద్దు. "ఆర్కే బీచ్‌కి పోదామా?" అని మీరంటే, "రేపు ఆఫీసుంది కదా" అని ఆమె అంటుంది. ఆమెకది బాధ్యత, మీకది చన్నీళ్లు. నొప్పి తగిలేది చంద్రుడి వాళ్లకే, శని వాళ్లకు తెలియనే తెలియదు. అయితే బంధాన్ని నిలబెట్టేది కూడా ఈ శనే అంటారు.

రెండోది హాయి. ఆమె చంద్రుడు కర్కాటకంలో 9, మీ శుక్రుడు అక్కడే 11. మీరు వంట చేసిపెట్టినా, ఊరికే పక్కన కూర్చున్నా ఆమె మెత్తబడుతుంది. గొడవయ్యాక మాటలతో కాదు, ఇలా మొదలుపెట్టండి.

ఒక్కటి సరిచూసుకోండి. రెండు చక్రాలూ లాహిరి అయనాంశ అనే లెక్కతోనే వేశారా? ఒకటి పాశ్చాత్యులు వాడే సాయన పద్ధతిలో ఉంటే 24 డిగ్రీల దాకా తేడా వచ్చి నేను చెప్పినదంతా తప్పవుతుంది. పుట్టిన టైము పావుగంట అటూఇటైనా పర్లేదు, చంద్రుడు గంటకు అర డిగ్రీయే కదులుతాడు. లగ్నం మాత్రం నాలుగు నిమిషాలకే ఇంచుమించు ఒక డిగ్రీ జరుగుతుంది, అందుకే దాని జోలికి పోలేదు.