సీనియర్ సెలవుపై వెళ్తోంది: వాట్సాప్ ముక్కల నుంచి అప్పగింత నోట్ ఎలా?

ప్రశ్న: బీకాం అయ్యాక ఒక హోల్‌సేల్ సంస్థ అకౌంట్స్‌లో చేరాను. మా సీనియర్ అక్క చెల్లెలి పెళ్లికని 4 నుంచి 22 దాకా సెలవు పెట్టింది. ఆమె పని నేను చూడాలి. గుర్తొచ్చినప్పుడల్లా వాట్సాప్‌లో ఇలా పెడుతోంది: ‘టీడీఎస్ చలాన్ చేసి పెట్టా, 7 లోపు చూసుకో’, ‘పీఎఫ్ అయిపోయినట్టే’, ‘2బీ వచ్చాక మ్యాచ్ చేసి 3బీ’, ‘ఓటీపీ సార్ ఫోన్‌కి వస్తుంది, పొద్దున ఎత్తరు’, ‘విజయవాడ పార్టీ బిల్లు ఆపమన్నారు, అడిగితే చూద్దాం అను’. వీటిని నోట్‌గా రాసి చూపించమన్నారు సార్. ఎలా రాయాలి?

జవాబు: ఆమె గుర్తొచ్చిన వరసలో చెప్పింది, మీకు కావాల్సింది తేదీల వరస. అది తేలికే. దానికి ముందు ఒక్కో మెసేజ్ పక్కన ఆ పని ఎంతవరకు వచ్చిందో రాయండి. అసలు తిప్పలు అక్కడే ఉన్నాయి.

‘చలాన్ చేసి పెట్టా’ అంటే డబ్బు కట్టినట్టు కాదు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో చలాన్ తయారుచేస్తే సీఆర్ఎన్ అనే నంబర్ వస్తుంది, దానికి 15 రోజులే గడువు. బీఎస్ఆర్ కోడ్, చలాన్ నంబర్ ఉన్న రసీదు చేతికొస్తేనే కట్టినట్టు. కట్టారనుకుని 7 దాటించారా, పన్ను కోసిన రోజు నుంచి నెలకు 1.5 శాతం వడ్డీ పడుతుంది. నెలలో కొన్ని రోజులైనా నిండు నెల కిందే లెక్క. ‘పీఎఫ్ అయిపోయినట్టే’ కూడా ఇదే బాపతు. ఈసీఆర్ ఫైల్ ఎక్కించి టీఆర్ఆర్ఎన్ నంబర్ వచ్చాక చాలామంది అలాగే అంటారు, డబ్బు మాత్రం 15 లోపు కట్టాల్సే ఉంటుంది. ‘అయిపోయినట్టే’ అన్న మాట కనబడితే నోట్‌లోకి యథాతథంగా ఎక్కించకండి. ‘అక్కా, పీఎఫ్ డబ్బు వెళ్లిందా, టీఆర్ఆర్ఎన్ మాత్రమే వచ్చిందా?’ అని అడగండి. ‘అన్నీ చెప్పావా అక్కా?’ అంటే ఎవరైనా ‘ఆ, చెప్పేశా’ అంటారు.

ఇంకో సంగతి. మీరిచ్చిన మెసేజ్‌లలో జీఎస్టీ రిటర్ను 3బీ ఉంది, అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 ఊసే లేదు. నెలనెలా దాఖలు చేసే సంస్థకు అది 11 కల్లా వెళ్లాలి, అది వెళ్లకపోతే ఆ నెల 3బీ దాఖలు కాదు. అలవాటైపోయిన పని చెప్పాలని తోచదు, అందుకే జారిపోయి ఉంటుంది. ఇలాంటివి పట్టుకోవాలంటే పోయిన నెల 4 నుంచి 22 వరకు ట్యాలీలో పడిన ఎంట్రీలు, పోర్టల్‌లో దాఖలైన రిటర్నులు, ఆమె ఆఫీస్ మెయిల్ నుంచి వెళ్లినవి (ఆమెను అడిగే చూడండి) వరసగా చూస్తూ మెసేజ్‌లతో పోల్చుకోండి. మెసేజ్‌లలో లేనివే మీ ప్రశ్నలు.

విజయవాడ పార్టీ సంగతి వేరు. ‘చూద్దాం అను’ అని నోట్‌లో రాసుకుంటే, వాళ్లు మూడోసారి ఫోన్ చేసినప్పుడు మీ దగ్గర మాట ఉండదు. బిల్లు ఎందుకు ఆగింది, ఎవరు ఆపమన్నారు, ఎప్పటిదాకా, ఇక తేల్చేదెవరు? కారణం అక్కకూ తెలియకపోతే సార్‌నే అడగండి, మీరు ఊహించి రాయొద్దు.

జవాబులు వచ్చాక నోట్ ఇలా ఉంటుందనుకోండి:

7 – టీడీఎస్. చలాన్ తయారైంది, డబ్బు కట్టలేదు. బ్యాంకులో ఆమోదం సార్‌ది, 5నే అడగాలి. రసీదు టీడీఎస్ ఫోల్డర్‌లో పెట్టాలి.
11 – జీఎస్టీఆర్-1. అమ్మకాల బిల్లులు ట్యాలీలో 2 వరకు ఎక్కాయి. ఓటీపీ సార్ ఫోన్‌కి వస్తుంది, మధ్యాహ్నం కూర్చోవాలి.
15 – పీఎఫ్. టీఆర్ఆర్ఎన్ వచ్చింది, డబ్బు కట్టాలి.
14 నుంచి 20 – 14న 2బీ వస్తుంది. కొనుగోళ్లతో సరిచూసి, తేడాల జాబితా 17 కల్లా ఆడిటర్ గారికి. ఆయన సరేనన్నాకే 3బీ, ఆఖరు తేదీ 20.
తేదీ లేనిది – విజయవాడ పార్టీ బిల్లు. సరుకు తక్కువ వచ్చిందని సార్ ఆపారు. ఫోన్ వస్తే ‘క్రెడిట్ నోట్ పంపండి’ అనాలి. అంతకు మించి అడిగితే సార్‌కే కలపాలి.

పాస్‌వర్డ్‌లు ఇందులో రాయకండి, ఎవరి దగ్గర ఉన్నాయో రాస్తే చాలు. ఆఖరున, పెళ్లి హడావిడిలోనూ ఆమెకు ఫోన్ చేయదగ్గ విషయాలు ఒకటో రెండో ఆమెతోనే చెప్పించుకుని రాయండి. 3వ తేదీ సాయంత్రానికి నోట్ మెయిల్‌లో ఆమెకు పంపి, సార్‌ను కాపీలో పెట్టి, తప్పులుంటే దిద్దమనండి. ప్రతి వరస పక్కన కొంచెం ఖాళీ వదిలి, పని అయిన రోజునే తేదీ, రసీదు నంబర్ అందులో వేసుకుంటూ పోతే 23న ఆమెకు తిరిగి ఇవ్వాల్సిన నోట్ కూడా అదే అవుతుంది.