కోటిన్నరలో జారిపోయిన సున్నా

అమ్మాయీ,

నువ్వు పంపిన అనువాదం చదివాను. వాక్యాలు సాఫీగా ఉన్నాయి కానీ మూడో వాక్యం దగ్గర ఆగిపోయాను. స్థలం అమ్ముతున్న పెద్దాయన ‘కోటిన్నర’ అన్నాడు. అమెరికాలో ఉన్న కొనుగోలుదారుకు నువ్వు ‘1.5 మిలియన్ రూపాయలు’ అని రాశావు. అంటే పదిహేను లక్షలు. ఒక్క మాటతో ధర పదో వంతుకు పడిపోయింది.

ఇది లెక్క రాక చేసిన తప్పు కాదు. 1.5ను అలాగే ఉంచి, పక్కనున్న ‘కోటి’ని మాత్రమే మార్చావు. నిజానికి అంకె కూడా మారాలి. ఎప్పుడూ ముందు మొత్తాన్ని అంకెల్లో పూర్తిగా వేసుకో: 1,50,00,000. తర్వాత కామాలన్నీ తీసేయి. 15000000 మిగులుతుంది. ఇప్పుడు కుడివైపు నుంచి మూడేసి అంకెలకు ఒక కామా పెడితే 15,000,000 వస్తుంది. అది 15 మిలియన్. మిలియన్ అంటే పది లక్షలు కనుక పదిహేను పదులు నూట యాభై లక్షలు, అంటే కోటిన్నర. ఇలా వెనక్కి వచ్చి సరిచూసుకోకుండా ఏ సందేశమూ పంపకు.

కామాలను మన పద్ధతిలోనే వదిలేయడం కూడా ప్రమాదమే. ఒకసారి నేను 12,50,000 అని అలాగే పంపాను. చదివినాయన మధ్యలో రెండే అంకెలు చూసి, ఒక సున్నా టైపులో పోయిందనుకున్నాడు. దాన్ని తానే చేర్చుకుని 12,500,000గా చదివాడు. పన్నెండున్నర లక్షలు కోటీ పాతిక లక్షలైపోయాయి. ఆయన ఫోను చేసి అడిగాడు కాబట్టి తెలిసింది. అడగకపోతే?

నీ కొనుగోలుదారు ఇక్కడి దస్తావేజు కూడా పక్కన పెట్టుకుని చూస్తాడనుకుంటే రెండు లెక్కలూ ఇవ్వు: ‘15 మిలియన్ రూపాయలు, అంటే 1.5 కోట్లు’. రూపాయలు అన్న మాట మాత్రం ఎక్కడా వదలకు. మిలియన్ అని కనిపించగానే డాలర్లనుకునేవాళ్లు ఉంటారు. అడగనిదే డాలర్లలోకి మార్చకు, మారకం రేటు రోజూ మారుతుంది.

వంద కోట్లు ఇంగ్లీషులో ఒక బిలియన్. అదే సందేశం జర్మన్‌లోకి వెళ్తుంటే అక్కడ ‘మిలియార్డె’ అని ఉందో లేదో అనువదించేవారిని తప్పక అడుగు. జర్మన్‌లో ‘బిలియోన్’ అంటే మన లక్ష కోట్లు. పేరు ఒకేలా వినిపిస్తుంది, మొత్తం వెయ్యి రెట్లవుతుంది. అలాంటి చోట పూర్తి అంకెలు కూడా పక్కన వేయించు.

కోటిన్నర వాక్యం సరిదిద్ది ఈ రోజే పంపు. ఆ కొనుగోలుదారు బయానా సంగతి మాట్లాడకముందే అది ఆయనకు చేరాలి.