మదరసాలో లైబ్రరీకి ఫౌండేషన్ నిధులు: ప్రపోజల్‌లో బడ్జెట్, ఫలితాలు ఎలా రాయాలి?

ప్రశ్న: "మాది కర్నూలు జిల్లాలో బాలికల రెసిడెన్షియల్ మదరసా. 180 మంది ఉన్నారు, పదో తరగతి ఓపెన్ స్కూల్ ద్వారా రాయిస్తాం. కొత్త లైబ్రరీ కోసం ఒక కంపెనీ ఫౌండేషన్‌కి ప్రపోజల్ పెడదామంటే, వాళ్ల నిబంధనల్లో 'మతపరమైన కార్యక్రమాలకు నిధులు ఇవ్వం' అని ఉంది. మాకు అవకాశం ఉందా? బడ్జెట్, ఫలితాలు ఎలా రాయాలి?"

జవాబు:

అవకాశం ఉందండి. మతసంస్థలు నడిపే బడులు పెట్టిన ప్రపోజల్స్ నేను చాలా చదివాను, కొన్ని రాయడంలో సాయం కూడా చేశాను. తిరిగొచ్చిన వాటిలో ఎక్కువ భాగం బడి మతానికి చెందినదని తిరిగి రాలేదు. ఫౌండేషన్ ఇచ్చే డబ్బు మతబోధనకు మళ్లదని కాగితం మీద ఎక్కడా కనపడకపోవడం వల్లే వచ్చాయి. ప్రపోజల్ మొత్తంలో ఆ హద్దు స్పష్టంగా గీయగలిగితే సగం పని అయినట్టే.

ముందు దరఖాస్తు ఎవరి పేరు మీద వెళ్తుందో చూసుకోండి. కంపెనీల చట్టం కింద కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చుపెట్టే సీఎస్ఆర్ డబ్బు అయితే సొసైటీకి లేదా ట్రస్టుకి ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జి రిజిస్ట్రేషన్లు, కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర తీసుకునే సీఎస్ఆర్-1 నంబరు, అదే రకం పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. మదరసాలకు చిక్కు వచ్చేది 80జి దగ్గర. సొసైటీ బైలాస్‌లో లక్ష్యం "ముస్లిం పిల్లల విద్య" అని ఉంటే, ఒక మతవర్గం కోసమే పెట్టిన సంస్థ అని 80జి నిరాకరించే వీలుంది. స్త్రీలు, పిల్లల కోసం పెట్టిన సంస్థను మాత్రం అలా లెక్కగట్టకూడదని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది. మీది బాలికల సంస్థ కాబట్టి లక్ష్యాల పదజాలం ఎలా ఉందో ఆడిటర్‌కి చూపించండి. సవరించాల్సి వస్తే జనరల్ బాడీ తీర్మానం, రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయడం కలిపి నెలలు పడుతుంది. ఈ పని కోసం కొత్త సొసైటీ పెడితే మూడేళ్ల అనుభవం ఉండదు. అంత ఆగలేకపోతే, ఇవన్నీ ఇప్పటికే ఉన్న విద్యా సంస్థ ఒకదాన్ని అమలు సంస్థగా పెట్టుకుని ఒప్పంద పత్రం రాసుకోవడం మేలు. గది వక్ఫ్ స్థలంలో ఉంటే, లైబ్రరీకి వాడుకోవచ్చని ఆ ఆస్తిని చూసుకునే ముతవల్లి రాతపూర్వకంగా ఇచ్చిన అనుమతి కూడా జతచేయండి.

ఇక బడ్జెట్. కొత్త భవనం అడగకండి. ఉన్న గదుల్లో ఒకదాన్ని, 600 చదరపు అడుగుల దాకా ఉన్నదాన్ని, లైబ్రరీగా మార్చమని అడిగితే అదే డబ్బులో పుస్తకాలూ వస్తాయి, మనిషీ వస్తుంది. గ్రౌండ్ ఫ్లోర్ గది అయితే మంచిది. భారతీయ ప్రమాణాల ప్రకారం తరగతి గది శ్లాబు చదరపు మీటరుకు దాదాపు 300 కిలోల బరువుకు, పుస్తకాల స్టాక్ గది కనీసం 600 కిలోలకు డిజైన్ చేస్తారు. మేడ మీద గది తప్ప వేరే దారి లేకపోతే ర్యాక్‌లు పొట్టిగా, గోడల వెంబడి పెట్టి, ఇంజనీరు దగ్గర లెటర్ తీసుకోండి.

180 మంది పిల్లలు, రెండేళ్ల ప్రాజెక్టు అనుకుని ఒక నమూనా వేద్దాం. ధరల చోట మీ ఊరి కొటేషన్లు పెట్టుకోండి. గదిలో తేమ మరమ్మతు, వైరింగు, లైట్లు, కిటికీలకు జాలీ కలిపి 1,40,000. ర్యాక్‌లు, పొట్టి బల్లలు, చాపలు 1,45,000. మొదటి ఏడాది 2,000 పుస్తకాలు, ఒక్కోటి సగటున 130 చొప్పున 2,60,000. రెండో ఏడాది మరో 500 పుస్తకాలకు 65,000. లేబుళ్లు, అట్టలు, స్టాంపు, రిజిస్టర్లకు 24,000. లైబ్రేరియన్ జీతం మొదటి ఏడాది నెలకు 14,000 చొప్పున 1,68,000. రెండో ఏడాది జీతం నెలకు 15,000, అందులో సగం మీరే పెట్టుకుంటారు కాబట్టి అడిగేది 90,000. శిక్షణకు 30,000, కంప్యూటర్, బార్‌కోడ్ స్కానర్‌కు 55,000, ఆడిట్‌కు 15,000. మొత్తం 9,92,000.

ఈ లెక్కలో మూడో వంతు పుస్తకాలకు, దాదాపు 29 శాతం మనుషులకు పోతుంది. ఫర్నిచర్ సగం మింగేసిన బడ్జెట్ చూడగానే పరిశీలకులకు అనుమానం వస్తుంది. చిన్న సంగతే అయినా ఎప్పుడూ తప్పేది ఒకటుంది: అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు, స్టీలు ర్యాక్‌ల మీద 18 శాతం ఉంది. పన్ను కలపని కొటేషన్‌తో బడ్జెట్ వేస్తే బిల్లు వచ్చాక తేడా మీ నెత్తిన పడుతుంది.

ర్యాక్‌ల సంఖ్యకు కారణం కూడా రాయండి. మూడడుగుల వెడల్పు, నాలుగు అరలతో 14 ర్యాక్‌లు అంటే 168 అడుగుల అర. పిల్లల పుస్తకాలు సగటున అడుగుకు 18 పడతాయనుకుంటే 2,500 పుస్తకాలకు 139 అడుగులు సరిపోతాయి. మిగిలిన జాగాలో కొన్ని పుస్తకాలను అట్ట కనపడేలా నిలబెట్టొచ్చు. ఎత్తు నాలుగున్నర అడుగులు దాటకూడదు.

కంప్యూటర్ పెట్టారు కదా అని పెద్ద సాఫ్ట్‌వేర్ గురించి హామీ ఇవ్వకండి. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉచితమే, తెలుగు, ఉర్దూ రెండూ పడతాయి. కానీ సర్వర్‌ని చూసుకునే మనిషి కావాలి. 2,500 పుస్తకాలకు ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. బార్‌కోడ్ స్కానర్ కీబోర్డులాగే పనిచేస్తుంది, నంబరు నేరుగా గడిలోకి వచ్చి కూర్చుంటుంది. అది ఎందుకు అవసరమో కూడా రాయండి. వారానికి ఒక లైబ్రరీ పీరియడ్, 30 మంది, 40 నిమిషాలు. చేత్తో రాస్తే ఒక్కొక్కరికి నిమిషం చొప్పున అరగంట రాతకే పోతుంది, చదవడానికి పది నిమిషాలే మిగులుతాయి.

మతగ్రంథాల దగ్గరికి వద్దాం. తఫ్సీర్, హదీసు, ఫిఖహ్ పుస్తకాలు లైబ్రరీలో ఉండకూడదని ఎవరూ అనరు. వాటిని మీ సొంత నిధితో కొనండి. బడ్జెట్‌లో "సంస్థ వాటా" అని వేరే కాలమ్ పెట్టి, సగం జీతం, కరెంటు బిల్లుతో పాటు ఈ పుస్తకాల ఖర్చు కూడా అక్కడే చూపించండి. అక్సెషన్ నంబర్లు, అంటే లైబ్రరీలో చేరిన ప్రతి పుస్తకానికీ వేసే నంబర్లు, రెండు వరుసల్లో ఉండాలి, ఫౌండేషన్ పుస్తకాలకు ఒకటి, మీవాటికి ఒకటి. రిజిస్టర్లూ వేర్వేరుగా ఉండాలి. ఆడిటర్ వచ్చినప్పుడు ఏ పుస్తకం ఎవరి డబ్బుతో వచ్చిందో నంబరు చూసి చెప్పగలగాలి. దాచినట్టు రాస్తే అనుమానం పుడుతుంది, తెరిచి రాస్తే నమ్మకం కుదురుతుంది. ఫౌండేషన్ పుస్తకాలకు భాషలవారీగా విభజన ఇవ్వండి. తెలుగు 900, ఉర్దూ 700, ఇంగ్లీషు 400 లాగా. తెలుగుకు మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్ బుక్స్, ఉర్దూకు నేషనల్ బుక్ ట్రస్ట్‌తో పాటు జాతీయ ఉర్దూ భాషాభివృద్ధి మండలి ప్రచురణలు చూడండి. ఒక పుస్తకాల షాపు ఇచ్చిన "రెండు వేల పుస్తకాల సెట్" మాత్రం తీసుకోకండి. అందులో సగం అమ్ముడుపోని గైడ్లే ఉంటాయి.

డబ్బు వచ్చాక ప్రాజెక్టు చెడిపోయేది ఎక్కువగా ఒకే చోట: అద్దాల బీరువా, దానికి తాళం. పుస్తకం పోతే జీతంలో కోస్తారన్న భయంతో లైబ్రేరియన్ తాళం వేస్తారు. తనిఖీకి వచ్చినవాళ్లకు నలగని అట్టలు, ఖాళీ ఇష్యూ రిజిస్టరు కనపడతాయి. అందుకే నష్టానికి ప్రపోజల్‌లోనే చోటివ్వండి. ప్రభుత్వ లైబ్రరీలకు కేంద్ర ఆర్థిక నియమాలు, అంటే 2017 నాటి జీఎఫ్ఆర్, ఏడాదిలో ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడాన్ని సహజ నష్టంగా ఒప్పుకుంటాయి. మీ పిల్లలంతా నెలకు రెండు చొప్పున పది నెలలు తీసుకుంటే 3,600 ఇష్యూలు, అంటే ఏడాదికి 18 పుస్తకాలు. పిల్లల చేతుల్లో పుస్తకాలు చిరుగుతాయి కూడా కాబట్టి 40 దాకా కమిటీ తీర్మానంతో కొట్టివేయవచ్చని, లైబ్రేరియన్ జీతంలో కోత ఉండదని రాయండి. ఈ ఒక్క పేరా రాసినవాళ్లకు లైబ్రరీ నడపడం తెలుసని పరిశీలకులు వెంటనే గుర్తుపడతారు.

ఫలితాల విభాగంలో "2,000 పుస్తకాలు కొన్నాం, 180 మంది లబ్ధిదారులు" అని రాస్తే అది చేసిన పని అవుతుంది, ఫలితం కాదు. రెండు కొలతలు చాలు. ఒకటి వాడకం. నెలకు కనీసం రెండు పుస్తకాలు తీసుకున్న పిల్లలు ఎంతమంది? ఆరో నెలకు 50 శాతం, ఏడాదికి 70 శాతం అని లక్ష్యం పెట్టుకోవచ్చు. మొత్తం ఇష్యూల సంఖ్య ఒక్కటే ఇస్తే పది మంది పుస్తకాల పురుగులు అంకెను పెంచేస్తారు, మిగతావాళ్లు కనపడరు.

రెండోది చదివే స్థాయి. పిల్లల చదివే స్థాయిని కొలిచే అసర్ పరీక్ష ఇందుకు సరిపోతుంది. అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ, ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి చదివించాలి. మదరసాలో దీన్ని తెలుగు, ఉర్దూల్లో వేర్వేరుగా చేయాలి. నాజిరాతో, అంటే ఖురాన్‌ని చూసి చదవడంతో, లిపి అలవాటైన అమ్మాయి ఉర్దూ పేరా గడగడా చదివేస్తుంది, ఏం చదివావమ్మా అంటే ఒక్కోసారి చెప్పలేదు. అదే అమ్మాయి తెలుగులో "వస్త్రం" దగ్గర ఆగి, వేలు పెట్టి కూడబలుక్కుంటుంది. రెండూ కలిపి ఒకే మార్కు వేస్తే ఈ తేడా పోతుంది. కాబట్టి ప్రతి పేరా తర్వాత రెండు అర్థం ప్రశ్నలు అడగండి. లక్ష్యం ఇలా ఉండొచ్చు: 8 నుంచి 12 ఏళ్ల 60 మందిలో తెలుగు కథ అర్థం చేసుకుని చదివేవాళ్లు ఇప్పుడు 21, పద్దెనిమిది నెలలకు 36. మొదటి పరీక్ష లైబ్రరీ తెరవకముందే పెట్టాలి, తర్వాత పెట్టిన బేస్‌లైన్‌కి విలువ లేదు. ఓపెన్ స్కూల్ పాస్ శాతం పెరుగుతుందని మాత్రం హామీ ఇవ్వకండి. ఆ పాస్ శాతాన్ని నడిపే కారణాలు చాలా ఉంటాయి, తగ్గితే నింద లైబ్రరీ మీద పడుతుంది.

గడువుల పట్టిక వేసేటప్పుడు రెండు క్యాలెండర్లు పక్కపక్కన పెట్టుకోండి. కంపెనీ లెక్కలు మార్చి 31తో ముగుస్తాయి. మదరసా సెలవులు రంజాన్‌కు ముందు నెల షాబాన్ చివర్లో మొదలై, రంజాన్ తర్వాతి నెల షవ్వాల్‌లో ముగుస్తాయి, రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2026, 2027ల్లో అది ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. అంటే ఫౌండేషన్ వినియోగ ధ్రువపత్రం అడిగే సమయానికి హాస్టల్ ఖాళీగా ఉంటుంది. కొనుగోళ్లు జనవరికి ముగించండి, తనిఖీకి డిసెంబరు తేదీలు మీరే సూచించండి, చదివే పరీక్షలు షవ్వాల్ తర్వాత పిల్లలు కుదురుకున్న రెండో వారంలో పెట్టండి.

చివరగా, మూడో ఏడాది లైబ్రేరియన్ జీతం ఎవరిస్తారో రాయకుండా ప్రపోజల్ పంపకండి. ఏడాదికి దాదాపు 1,80,000 అవుతుంది. దాన్ని సాధారణ నిధి నుంచి ఇస్తామని కమిటీ తీర్మానం చేసి, సంతకాలున్న ప్రతిని బడ్జెట్ పేజీ వెనకే జతచేయండి.