పద్ధతి ఎంచుకోవడం రాకపోతే ఫౌండేషన్ కోర్సు అవసరమా?

ప్రశ్న: మా అమ్మాయి రాజాంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. వడపోత, స్వేదనం, క్రొమటోగ్రఫీ నిర్వచనాలన్నీ అప్పజెబుతుంది గాని, మిశ్రమం ఇచ్చి ఏ పద్ధతి వాడాలని అడిగితే తడబడుతుంది. పక్కింటివారు తమ అమ్మాయిని విశాఖలో ఐఐటీ ఫౌండేషన్ హాస్టల్‌కు పంపారు, మమ్మల్నీ చేర్పించమంటారా?

జవాబు: చేర్పించవద్దు. మీ అమ్మాయికి తెలివి తక్కువై కాదు, ఫలానా మిశ్రమానికి ఫలానా పద్ధతి అని జంటలుగా బట్టీపట్టడం వల్ల ఈ తడబాటు వచ్చింది. ఫౌండేషన్ తరగతుల్లో చాలాచోట్ల జరిగేది ఆ జంటల సంఖ్యను పెంచడమే కనుక, ఈ లోపానికి అది మందవుతుందని నాకు నమ్మకం లేదు. పక్కింటివారు పంపారన్న కంగారులో పద్నాలుగేళ్ల పిల్లను ఇల్లు కదిలించాలనుకుంటున్న మీరు, పాఠశాల ప్రయోగశాల తలుపు ఎన్నాళ్లుగా తెరవలేదో ఒక్కసారైనా అడిగారా?

నీటిలో కరిగే నల్ల సిరాలో ఇసుక పడిందనుకుందాం. ఇసుక కరగదు కాబట్టి వడపోత కాగితం మీద నిలిచిపోతుంది, కరిగిన రంగులు మాత్రం నీటితోపాటు కిందికి దిగుతాయి. ఎన్నిసార్లు వడపోసినా సిరా తేటపడదు.

ఆ సిరాలోని నీరు కావాలంటే స్వేదనం చేయాలి. నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరై కండెన్సర్‌లో చల్లబడి చుక్కలుగా పడుతుంది, ఆవిరి కాని రంగులు కుప్పెలోనే ఉంటాయి. పడే చుక్కల్లో రంగు కనిపించిందంటే మంట ఎక్కువై సిరా పొంగి గొట్టంలోకి చిందిందని అర్థం. మంట తగ్గించాలి, కుప్పెలో ముందే నాలుగు పింగాణీ ముక్కలు వేసి ఉంటే అంత ఎగిరిపడదు.

ఆ నలుపులో ఎన్ని రంగులున్నాయో తెలియాలంటే మాత్రం స్వేదనం పనికిరాదు, ఎందుకంటే రంగులన్నీ అడుగున కలిసే మిగిలిపోతాయి. అప్పుడే కాగితపు క్రొమటోగ్రఫీ. వడపోత కాగితపు పట్టీ అడుగు నుంచి రెండు సెంటీమీటర్ల ఎత్తున పెన్సిల్‌తో గీత గీసి, గీత మీద చిన్న చుక్క పెట్టి ఆరనిచ్చి, చుక్కకు తగలకుండా పట్టీ అంచును నీటిలో ముంచాలి. నీటిలో ఎక్కువ కరుగుతూ కాగితాన్ని తక్కువగా అంటుకునే రంగు పైకి పోతుంది, కాగితాన్ని గట్టిగా పట్టుకునేది వెనకబడుతుంది. చుక్క నీటిలో మునిగితే రంగు గ్లాసులోకే కరిగిపోతుంది. పెన్నుతో గీత గీస్తే ఆ గీతే పైకి పాకుతుంది. అయితే ఈ పద్ధతి రంగులను చూపిస్తుందే గాని, సీసాలో నింపుకునేంత ఇవ్వదు.

మిశ్రమం ఒకటే, పద్ధతులు మూడు. పద్ధతిని నిర్ణయించింది మిశ్రమం పేరు కాదు. మనకు ఏది కావాలి, ఆ పదార్థం మిగతావాటికి ఏ గుణంలో భిన్నంగా ఉందన్న రెండు విషయాలే. పైడిభీమవరం మందుల కర్మాగారాల్లో నాణ్యత పరీక్షించే ఉద్యోగం మీద ఆమెకు ఎప్పుడైనా మనసు పడితే, అక్కడి క్రొమటోగ్రఫీ యంత్రాల ముందు కూడా ఈ ఆలోచనే కావాలి.

ఈ ఆదివారం ఇంట్లో నల్ల స్కెచ్‌పెన్‌తోనూ, పర్మనెంట్ మార్కర్‌తోనూ రెండు పట్టీలు చేయనివ్వండి. మార్కర్ చుక్క నీటికి కదలదు. ఎందుకో ఆమెనే చెప్పనివ్వండి, మీరు అందించకండి. నీటికి బదులు స్పిరిట్ వాడాలని తానే అంటే మీరు హాస్టల్ ఫీజు దాచుకోవచ్చు. స్పిరిట్ పెట్టిన గదిలో మాత్రం పొయ్యి, దీపం ఉండకూడదు. స్వేదనాన్ని బడిలో మాస్టారి ఎదుటే చేయించండి.