80 కాల్ ఐవీ 58% చూపించింది, లోన్ తీసుకుని అమ్మనా?

“షేరు 100 దగ్గర ఉంది. 80 స్ట్రైక్ కాల్, గడువు 30 రోజులు, చివరి ట్రేడ్ ధర 20.60. వడ్డీ సున్నా పెట్టి న్యూటన్ పద్ధతిలో 20% నుంచి మొదలుపెడితే మొదటి స్టెప్‌కే 11,400% దగ్గరికి వెళ్లి, ఆ తర్వాత nan వచ్చింది. బైసెక్షన్‌తో చేస్తే ఐవీ 58% వచ్చింది. 100 స్ట్రైక్ ఐవీ 25 శాతమే. అంటే 80 కాల్ బాగా ఖరీదుగా ఉన్నట్టే కదా? దాన్ని అమ్మడానికి మార్జిన్ సరిపోక పర్సనల్ లోన్‌కి అప్లై చేశాను. చేతిలో రెండు నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది. ముందుకు వెళ్లమంటారా?”

వెళ్లొద్దు. లోన్ విషయం చివర్లో గట్టిగానే చెబుతాను. ముందు మీ లెక్క చూద్దాం, ఎందుకంటే ఈ పొరపాటు చాలామంది చేస్తున్నారు. సొంతంగా కోడ్ రాస్తారు, అది ఒక అంకె ఇస్తుంది, ఇక మార్కెట్టే ఆ మాట చెప్పిందని నమ్మేస్తారు.

ఐవీ అంటే ఆప్షన్ ధర నుంచి బ్లాక్-షోల్స్ సూత్రంతో వెనక్కి లెక్కేసి రాబట్టే వోలటాలిటీ. న్యూటన్ పద్ధతి ఎందుకు చెడిందో మీ అంకెలతోనే తెలుస్తుంది. 20% వోలటాలిటీతో బ్లాక్-షోల్స్ ధర దాదాపు 20.0001. మీరు చూసిన ధరకీ దానికీ తేడా 0.60. ఆ తేడాను వేగాతో భాగించి, వచ్చినంత ముందుకు జరగడమే న్యూటన్ స్టెప్. ఇంత లోతైన కాల్‌కి 20% దగ్గర వేగా 0.0053 మాత్రమే. అంటే వోలటాలిటీ 20 నుంచి 21 శాతానికి పెరిగితే ధర కదిలేది 0.00005. భాగిస్తే 114 వస్తుంది, అదే మీ 11,400%. అక్కడ కాల్ ధర షేరు ధరతో సమానమైపోయి, వేగా లేనట్టే అవుతుంది. తర్వాతి స్టెప్ అంతులేని మైనస్‌లోకి పడిపోతుంది, ఆపైన సున్నాతో భాగించాల్సి వస్తుంది. కోడ్‌లో తప్పు వెతకకండి, మొదలుపెట్టిన చోటే తప్పు.

దీనికి మందు ఉంది. వేగా గరిష్ఠంగా ఉండే చోటు నుంచి మొదలుపెట్టాలి. sqrt(2·|ln(S/K) + rT|/T) అనే ఈ ప్రారంభ విలువను మనాస్టర్, కోయలర్ 1982లో చూపించారు. వడ్డీ 6% అనుకుంటే మీ కాల్‌కి అది 236%. చూడ్డానికి వింతగా ఉంటుంది కానీ అక్కడి నుంచి న్యూటన్ 75, 54, 47.5, 46.3 అంటూ ఎక్కడా దాటిపోకుండా దిగుతుంది.

ఇక్కడే ఇంకోటి గమనించండి. మీ 58 కాస్తా 46 అయింది. మార్చింది వడ్డీ ఒక్కటే. సున్నా వడ్డీతో ఈ కాల్‌లో టైమ్ వేల్యూ 0.60 ఉన్నట్టు కనిపిస్తుంది. 6 శాతంతో స్ట్రైక్‌ను ఈ రోజు విలువకు తెస్తే 79.61, కాబట్టి కాల్‌కి కనీస ధర 20.39. ఇక మిగిలిన టైమ్ వేల్యూ 0.21. మీరు వోలటాలిటీ అనుకున్నదాంట్లో పెద్ద వాటా నెల రోజుల వడ్డీయే. (డివిడెండ్ లేదనీ, ఆప్షన్ యూరోపియన్ తరహాదనీ అనుకుని చెబుతున్నాను.)

మరి 46 అయినా నిజమా? అదీ కాదు. చివరి ట్రేడ్ ఎప్పుడు జరిగిందో మీరు రాయలేదు. ఆ సమయానికి షేరు 100.20 దగ్గర ఉండి ఉంటే కనీస ధరే 20.59 అవుతుంది, ఐవీ 29 శాతానికి పడిపోతుంది. అందుకే చివరి ట్రేడ్ ధరను పక్కన పెట్టి, ఒకే క్షణంలో షేరు ధరా, ఆప్షన్ బిడ్, ఆస్క్ మూడూ తీసుకోండి. బిడ్ 20.40, ఆస్క్ 20.80 అనుకుందాం. బిడ్‌కి ఐవీ సుమారు 29%, ఆస్క్‌కి 53%. ఆ ధర నుంచి ఐవీ గురించి తెలిసేది ఇంతే: 29కీ 53కీ మధ్య ఎక్కడో ఉంది. బైసెక్షన్ ఆరు దశాంశాల వరకూ జవాబు ఇస్తుంది, కానీ ధరలోనే లేని సమాచారాన్ని ఏ పద్ధతీ పుట్టించలేదు.

కోడ్‌లో ఇంత మార్చండి చాలు:

```python
from math import exp
from scipy.optimize import brentq

low = S - K*exp(-r*T)
if bid <= low:
    print("bid: no root")
else:
    iv_bid = brentq(lambda v: call(v) - bid, 0.01, 5)
    iv_ask = brentq(lambda v: call(v) - ask, 0.01, 5)
```

రెండు ఐవీల మధ్య దూరం రెండు మూడు పాయింట్లు దాటితే ఆ స్ట్రైక్‌లో కాల్‌ను వదిలి, అదే స్ట్రైక్ పుట్ చూడండి. పుట్-కాల్ ప్యారిటీ ప్రకారం రెండింటి ఐవీ ఒకటే కావాలి. వేగా కూడా ఒకటే. కానీ పుట్ ధర మొత్తం టైమ్ వేల్యూయే కాబట్టి బిడ్-ఆస్క్ తేడా చాలా తక్కువగా ఉంటుంది. 80 పుట్ 0.04 బిడ్, 0.06 ఆస్క్ ఉంటే ఐవీ 36 నుంచి 38 మధ్య తేలుతుంది. అది 100 స్ట్రైక్ కన్నా ఎక్కువే, నిజమే. షేర్ల ఆప్షన్లలో కింది స్ట్రైక్‌ల ఐవీ ఎక్కువ ఉండటం మామూలే, దాన్ని ఖరీదు అనరు.

ఇప్పుడు మీ ట్రేడ్. అమ్మితే మీకు దొరికేది బిడ్, అంటే 20.40. మీరు సరైనదనుకుంటున్న 25% వోలటాలిటీతో లెక్కేసినా ఈ కాల్ విలువ 20.395. మీకు మిగిలేది 0.005. ఆ కాస్త కోసం, షేరుతో పాటు దాదాపు ఒకటికి ఒకటిగా కదిలే కాల్‌ను అమ్ముతున్నారు. షేరు 110కి వెళ్తే నష్టం సుమారు 10. ఇది వోలటాలిటీ మీద పందెం కానే కాదు, షేరు పడుతుందని అప్పు తెచ్చి కాసే పందెం. పైగా షేరు పెరిగిన రోజే మార్జిన్ కాల్ వస్తుంది. కట్టలేకపోతే బ్రోకర్ మీ పొజిషన్‌ను ఆ ధరకే మూసేస్తారు. నష్టం పోగా మిగిలిన లోన్‌కి వాయిదాలు మాత్రం ప్రతి నెలా కట్టాల్సిందే. పర్సనల్ లోన్‌తో ఆప్షన్లు అమ్మడాన్ని నేను ఏ సందర్భంలోనూ ఒప్పుకోను, లెక్క ఎంత చక్కగా ఉన్నా సరే.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఐవీ కాదు, ఆ రెండు నెలల ఖర్చులు. ఉద్యోగం ఆగినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోయినా రెండు నెలల్లో అది అయిపోతుంది. అప్పుడు తీసుకోవాల్సిన లోన్‌ని మీరు ఇప్పుడే వాడేస్తున్నారు. కనీసం ఆరు నెలల ఖర్చులు, మార్జిన్ ఖాతాతో ఏ సంబంధం లేని చోట, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా పెట్టండి. లోన్ వాయిదా కట్టగలనని లెక్కేసుకునే ఉంటారు కదా, అదే మొత్తాన్ని ప్రతి నెలా అందులో వేయండి. నిధి నిండాక ఆప్షన్లు నేర్చుకోవాలనిపిస్తే, నష్టం ముందే తెలిసేలా కొనే వైపు ఉండండి, చిన్న మొత్తంతో.

లోన్ దరఖాస్తు డబ్బు ఖాతాలో పడకముందే రద్దు చేయండి. పడిపోయి ఉంటే ముందస్తు చెల్లింపు రుసుము ఎంతో కనుక్కుని, ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా తిరిగి కట్టేయండి.