చీటీ డబ్బుతో ఏ సర్టిఫికెట్టు కొనాలి?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. ఎం.కాం. చదివాను. ఒంగోలులో ఒక ఆడిటరు గారి దగ్గర ఏడేళ్లు పనిచేసి, పిల్లల కోసం 2014లో మానేశాను. ఇప్పుడు చీమకుర్తి దారిలోని గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ వాళ్లు టాలీ మాత్రమే వస్తే 14 వేలు, జీఎస్టీ రిటర్నులు సొంతంగా చూసుకోగలిగితే 20 వేలు ఇస్తామంటున్నారు. ఒక శిక్షణ సంస్థ పెద్ద కంపెనీలు లెక్కలకు వాడే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేరులో ఫైకో అనే 5 నెలల కోర్సుకు 90 వేలు అడుగుతోంది, వాయిదాల్లో కట్టవచ్చట. మా తమ్ముడు కాస్ట్ అకౌంటెంట్ల కోర్సు సీఎంఏ చేయమంటున్నాడు. ఈ మధ్య చీటీ పాడితే వచ్చిన లక్షన్నర చేతిలో ఉంది. ఇంకా 10 నెలలు నెలకు 7,500 కట్టాలి. దేనికి ఖర్చు పెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందుగా డబ్బు సంగతి చూద్దాం. మీ చేతిలో ఉన్న లక్షన్నరలో 75 వేలు రాబోయే పది వాయిదాలకు చెందినవి. మీకింకా జీతం మొదలు కాలేదు గనుక ఆ భాగాన్ని వేరుగా తీసి, నెలనెలా తీసుకోగలిగేలా బ్యాంకులో ఉంచండి. కోర్సు గురించి ఆలోచించాల్సింది మిగిలిన 75 వేలను దృష్టిలో పెట్టుకుని మాత్రమే. ఎస్‌ఏపీ కోర్సుకు చెప్పిన 90 వేలలో పన్ను కలిసి ఉందో లేదో అడిగారా? ప్రైవేటు శిక్షణ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అది విడిగా వేస్తే మరో 16,200 చేరి మొత్తం 1,06,200 అవుతుంది. వాయిదాల సదుపాయం అంటే చాలాసార్లు ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరున అప్పు ఇచ్చి, ఫీజు మొత్తాన్ని ముందే సంస్థకు కట్టేయడం. అప్పుడు మీరు రెండో నెలలో కోర్సు మానేసినా అప్పు మానదు. సంతకం పెట్టేముందు ఆ కాగితం మీద అప్పు ఇచ్చేవారు ఎవరో చదవండి.

ఇక చదువు సంగతి. మీరు మానేసిన 2014 నాటికి వ్యాట్, సీఎస్టీ ఉండేవి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి వాటి స్థానాన్ని తీసుకుంది. మీకు కంఠతా వచ్చిన 194సి, 194జె వంటి టీడీఎస్ సెక్షన్ల నంబర్లు కూడా 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే ఆదాయపు పన్ను చట్టం, 2025లో మారిపోయాయి. జీతానికి 392, మిగతా చాలా చెల్లింపులకు 393 వచ్చాయి. అయితే డెబిట్టూ క్రెడిట్టూ మారలేదు, బ్యాంకు రీకన్సిలియేషన్ మారలేదు. కాబట్టి అకౌంట్లు మొదటినుంచి నేర్పుతామనే ప్యాకేజీలకు మీరు డబ్బు పెట్టనక్కర్లేదు. మధ్యలో పడిన ఖాళీకి మాత్రమే సర్టిఫికెట్టు కావాలి.

ఆ యజమాని 14 వేలకూ 20 వేలకూ మధ్య చూస్తున్న తేడా ఏమిటో ఒక ఉదాహరణలో చెబుతాను. యూనిట్ ఒక నెలలో నాలుగు క్వారీల నుంచి రాళ్ల దిమ్మెలు కొన్నదనుకోండి, ఒక్కొక్క బిల్లు 5 లక్షలు. 2025 సెప్టెంబరు 22 నుంచి గ్రానైట్ దిమ్మెల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, పాలిష్ పలకల మీద మాత్రం 18 శాతమే ఉంది. అంటే ప్రతి కొనుగోలు బిల్లు మీద 25 వేల ఇన్‌పుట్ క్రెడిట్ రావాలి, అంటే కొన్నప్పుడు కట్టిన ఆ పన్నును అమ్మకాల పన్నులో తగ్గించుకోవచ్చు. నాలుగో క్వారీ వాళ్లు మరుసటి నెల 11వ తేదీలోగా తమ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 వేయలేదు. మీ యూనిట్‌కు రావాల్సిన క్రెడిట్టు చూపుతూ 14న తయారయ్యే పట్టిక జీఎస్టీఆర్-2బిలో మూడు బిల్లులే కనిపిస్తాయి. బిల్లు చేతిలో ఉన్నా, డబ్బు కట్టేసినా, 2బిలో లేని క్రెడిట్టును ఆ నెల తీసుకోవడానికి వీల్లేదు. 20న పన్ను కట్టే రిటర్ను 3బి వేసేటప్పుడు ఆ 25 వేలూ యజమాని జేబులోంచి పోతాయి. టాలీలో బిల్లు ఎక్కించడం వరకే తెలిసిన మనిషి నాలుగూ కలిపి లక్ష క్రెడిట్టు చూపిస్తుంది, తరువాత నోటీసు వస్తుంది. పని తెలిసిన మనిషి 15వ తేదీ ఉదయమే క్వారీకి ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్‌కే ఆరు వేలు ఎక్కువ ఇస్తామంటున్నారు.

అందువల్ల నేను సూచించేది జీఎస్టీ సర్టిఫికెట్టు కోర్సు. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ నడిపే జీఎస్టీ సర్టిఫికెట్టు కోర్సు వాళ్ల సభ్యులకే, మీకు వర్తించదు. కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ నడిపేదానిలో ఎం.కాం. చదివినవారు కూడా చేరవచ్చు, తరగతులు ఆన్‌లైన్‌లోనే వినవచ్చు. ఫీజు, పరీక్ష రుసుము, పన్ను కలిపి 13 వేల వరకు లెక్కలో పెట్టుకుని, చేరేముందు వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఊళ్లోని శిక్షణ సంస్థలోనే చేరదలిస్తే, ఒక రోజు ఉచితంగా కూర్చుని పాఠం వినండి. 12 శాతం, 28 శాతం శ్లాబులను ఇప్పటి రేట్లుగా చెబుతుంటే, లేదా 2బిలో లేకపోయినా 5 శాతం వరకు అదనంగా క్రెడిట్ తీసుకోవచ్చంటుంటే, అది పాతబడిన నోట్సు. అక్కడినుంచి లేచి వచ్చేయండి.

దీనితోపాటు ఖర్చు లేనిది ఒకటుంది. ఎం.కాం. ఉన్నవారు gst.gov.in లో PCT-01 దరఖాస్తు పెట్టి జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదు కావచ్చు. దానికి ఫీజు లేదు, PCT-02లో సర్టిఫికెట్టు వస్తుంది. యూనిట్ ఉద్యోగానికి ఇది అక్కర్లేదు, పని వచ్చునని రుజువు చేసేదీ కాదు. ఇతరుల తరఫున రిటర్నులు వేసే అనుమతి మాత్రమే. అయితే రేపు ఇంటి నుంచే నాలుగు చిన్న దుకాణాల రిటర్నులు చూడదలిస్తే పనికొస్తుంది.

ఎస్‌ఏపీ గురించి నా అభ్యంతరం సాఫ్ట్‌వేరు మీద కాదు. సంస్థ ఇచ్చే కోర్సు పూర్తి చేసినట్టు కాగితం వేరు, ఎస్‌ఏపీ కంపెనీ సొంత పరీక్ష రాసి పొందే సర్టిఫికెట్టు వేరు. 90 వేలలో ఏది వస్తుందో రాతపూర్వకంగా అడగండి. ఆ ఉద్యోగాలు హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో ఎక్కువ, అక్కడ ప్రాజెక్టు అనుభవం అడుగుతారు. మీకు కబురుపెట్టిన యూనిట్ నడుస్తున్నది టాలీ మీద. లెక్క కూడా చూడండి: ఫీజు 1,06,200, ఆ 5 నెలలు పనిలో చేరకపోతే వదులుకునే జీతం 70 వేలు, మొత్తం 1,76,200. చివరికి అదే 20 వేల ఉద్యోగం దొరికితే, నెలకు పెరిగే ఆరు వేలతో అది తిరిగి రావడానికి రెండున్నరేళ్లు. పనిచేస్తూనే సాయంత్రాలు చదివే 13 వేల కోర్సుకు, 20 వేలు మొదలైన మూడో నెలలోనే డబ్బు వెనక్కి వస్తుంది. నేను కూడా ఒకప్పుడు పేరు చూసి ఒక ఖరీదైన కోర్సు చేశాను. ఆ సర్టిఫికెట్టును ఇప్పటిదాకా ఒక్క ఖాతాదారుడూ అడగలేదు.

మీ తమ్ముడి సలహా తీసిపారేసేది కాదు. సీఎంఏలో గ్రాడ్యుయేట్లు నేరుగా ఇంటర్‌లో చేరవచ్చు. రెండు గ్రూపులు, 8 పేపర్లు, పరీక్షలు జూన్, డిసెంబరుల్లో. ఆపైన ఫైనల్, ప్రాక్టికల్ శిక్షణ. అది ఏళ్ల వ్యవహారం. ఉద్యోగంలో కుదురుకున్నాక, చీటీ తీరాక ఆలోచించవచ్చు.

కోర్సులో డబ్బు కట్టకముందే యూనిట్ వారితో ఒక మాట ఖరారు చేసుకోండి: ఇప్పుడు 14 వేలతో చేరతాను, మూడు నెలల తరువాత ఒక నెల 2బి సరిపోల్చడం, 3బి తయారు చేయడం మీ ఎదుటే చేసి చూపిస్తాను, అప్పుడు 20 వేలు ఇవ్వండి అని. ఆ మాటకు వాళ్లు వెనుకాడితే, అదే ప్రతిపాదనతో మీ పాత ఆడిటరు గారిని కలవండి. ఆయన దగ్గర ప్రతినెలా 14వ తేదీ తరువాత మనుషులు చాలరు.