అత్తగారి వాటా కలిపితే కోడలి పెన్షన్ తగ్గుతుందా?

ప్రశ్న: మా అన్నయ్య తణుకు దగ్గర ఒక రైస్‌మిల్లులో పనిచేసేవాడు. 2025 జూన్‌లో బస్తాల దొంతర మీద పడి చనిపోయాడు. వదిన, డిగ్రీ చదివే కూతురు, పదో తరగతి చదివే కొడుకు ఉన్నారు. మా నాన్న ఎప్పుడో పోయారు. అమ్మ నా దగ్గర ఉంటోంది. ఈఎస్‌ఐ నుంచి వదినకు నెలకు 8,100, పిల్లలకు 5,400 చొప్పున వస్తుందని మిల్లు గుమస్తా చెప్పాడు. అమ్మ కూడా అప్లికేషన్ పెడితే తమకు తగ్గిపోతుందని వదిన అంటోంది. అమ్మకు అసలు హక్కు ఉందా? ఉంటే ఆ డబ్బు ఎవరి వాటాలోంచి పోతుంది?
— ఒక పాఠకుడు, పెనుగొండ

జవాబు: మీ అమ్మగారికి హక్కు ఉంది. మీ వదినగారి భయంలోనూ నిజం ఉంది. తప్పు లెక్క చెప్పింది గుమస్తా. ఆయన చెప్పిన మూడు అంకెలు కూడండి. 8,100, 5,400, మళ్లీ 5,400 కలిపితే 18,900 అవుతుంది. ఈ కేసులో ఈఎస్‌ఐ నెలకు 13,500 దాటి ఇవ్వదు, మీ అమ్మగారు అప్లికేషన్ పెట్టినా పెట్టకపోయినా.

ఆ 13,500 ఎక్కడిదంటే, పనిలో జరిగిన ప్రమాదంలో కార్మికుడు చనిపోతే అతని సగటు రోజు జీతంలో 90 శాతాన్ని ‘పూర్తి రేటు’ అంటారు. కుటుంబం మొత్తానికి అదే గరిష్ఠ పరిమితి. గుమస్తా వదినకు 8,100 అన్నాడంటే నెల జీతం 15,000 అని తీసుకున్నట్టు లెక్క. రోజుకు 500, అందులో 90 శాతం 450, ముప్పై రోజులకు 13,500. భార్య వంతు ఇందులో ఐదింట మూడు, అంటే 8,100. పిల్లలు ఒక్కొక్కరి వంతు ఐదింట రెండు, అంటే 5,400. ఇక్కడిదాకా ఆయన సరిగ్గానే చదివాడు. ఈఎస్‌ఐ కేంద్ర నిబంధనల్లో 58వ నిబంధన అలాగే చెబుతుంది. కానీ అదే నిబంధనలో ఆ తర్వాత ఉన్న మాట ఆయన వదిలేశాడు. అందరి వంతులూ కలిపి పూర్తి రేటు దాటితే, ఆ రేటులో సరిపోయేదాకా ప్రతి వంతునూ అదే నిష్పత్తిలో తగ్గించాలని అక్కడ ఉంది.

మన ప్రాంతం వాళ్లకు ఇది సులువుగానే బోధపడుతుంది. కాలువ తూము వెడల్పు మారదు. దాని కింద నాలుగు చేలున్నా ఆరు చేలున్నా వచ్చే నీళ్లు అంతే. చేలు పెరిగితే ఒక్కో చేనికి వచ్చేది తగ్గుతుంది.

భిన్నాలతో తల పట్టుకోకుండా వంతులు లెక్కపెట్టండి. భార్యకు 3 వంతులు, పిల్లలు ఒక్కొక్కరికి 2, భర్త పోయిన తల్లికి 2. పూర్తి రేటంటే 5 వంతులు. కుటుంబం వంతులు 5 దాటనంతవరకు ఒక్కో వంతు విలువ 2,700. దాటితే 13,500ను ఎన్ని వంతులుంటే అన్నింటితో భాగించాలి.

మీ అమ్మగారు లేకుండా చూస్తే వదినకు 3, పిల్లలకు 4, మొత్తం 7 వంతులు. ఒక్కో వంతు సుమారు 1,929. వదినకు 5,786 రూపాయలు, పిల్లలకు 3,857 చొప్పున వస్తాయి. అంటే అత్తగారు తలుపు తట్టకముందే 8,100 లేదు. అమ్మగారిని కలిపితే 9 వంతులవుతాయి, ఒక్కో వంతు సరిగ్గా 1,500. వదినకు 4,500, పిల్లలకు 3,000 చొప్పున, అమ్మగారికి 3,000. ఆ మూడు వేలు ఈఎస్‌ఐ అదనంగా ఇచ్చేవి కావు. వదినగారి దగ్గర 1,286, పిల్లలు ఒక్కొక్కరి దగ్గర 857 తగ్గి వచ్చినవి. ఆమె బాధ అర్థం చేసుకోదగ్గదే. ఇద్దరు పిల్లల చదువు నెత్తిన ఉన్న మనిషికి 3,000 అంటే చిన్న మొత్తం కాదు. ఈ అంకెలు గుమస్తా వాడిన జీతం మీద వేసినవి. ఆఫీసు లెక్క రోజు రేటు మీద కడుతుంది కాబట్టి నెలల రోజుల్ని బట్టి కొంచెం అటూఇటూ అవుతుంది.

అయినా హక్కు హక్కే. ఈ చట్టంలో ‘ఆధారపడినవారు’ ఎవరనే నిర్వచనంలో భర్త పోయిన తల్లిని భార్యాపిల్లల పక్కనే కూర్చోబెట్టారు. ఆమె కొడుకు సంపాదన మీదే బతికిందని రుజువు చూపించనక్కర్లేదు. మీ దగ్గర ఉంటున్నారన్న కారణంతో హక్కు పోదు. మీ నాన్నగారే బతికుంటే కథ వేరుగా ఉండేది. అప్పుడు తల్లిదండ్రులిద్దరూ వెనక వరుసలోకి వెళ్లేవారు. భార్య, పిల్లలు ఉన్నంతకాలం వాళ్లకు పైసా వచ్చేది కాదు. తండ్రి బతికున్న ఇంట్లో తల్లికి లేని హక్కు, తండ్రి పోయిన ఇంట్లో తల్లికి ఉంది. ఇందులో న్యాయం ఎంతో నాకూ అనుమానమే, కానీ చట్టం అలా ఉంది.

మీ వదినగారికి చెప్పాల్సింది ఇంకోటి ఉంది. ఈ కోత శాశ్వతం కాదు. కూతురికి పెళ్లయ్యేదాకా, కొడుక్కి 25 ఏళ్లు వచ్చేదాకా వాటా ఉంటుంది. అమ్మాయికి పెళ్లయిన రోజు నుంచి 7 వంతులే మిగులుతాయి. వదినకు 5,786, అబ్బాయికీ అమ్మగారికీ 3,857 చొప్పున అవుతాయి. అబ్బాయికి 25 నిండాక వదినవి 3, అమ్మగారివి 2, మొత్తం సరిగ్గా 5 వంతులు. అప్పుడు కోతే ఉండదు. గుమస్తా చెప్పిన 8,100 ఆ రోజు నిజమవుతుంది, అమ్మగారికి 5,400 వస్తుంది.

ఆ తర్వాత అమ్మగారు పోతే మొత్తం 13,500 వదినకే వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. ఆమె 3 వంతులు 8,100 దగ్గరే ఆగుతాయి. తూము కింద ఒక్క చేనే మిగిలిందని నీళ్లన్నీ దానికే వదలరు కదా, దానికి రాసిన వంతే వదులుతారు. పూర్తి రేటు అనేది కుటుంబానికి రాసిచ్చిన మూట కాదు, దాటకూడని గీత మాత్రమే. వదినగారు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆమె వాటా ఆగిపోతుంది. పిల్లలవి, అమ్మగారివి కలిపి 6 వంతులవుతాయి కాబట్టి ముగ్గురికీ తలా 4,500 వస్తాయి.

ఈ మార్పులు వాటంతట అవే జరిగిపోతాయని ఊరుకోకండి. పెళ్లి, మరణం, వయసు నిండడం లాంటివి జరిగినప్పుడు ఆఫీసుకు రాసివ్వాలి. ఈఎస్‌ఐ చట్టం 55వ సెక్షన్ కింద వాటాలను తిరిగి లెక్కకట్టి పెంచడం, తగ్గించడం, ఆపడం చేస్తారు. అమ్మాయి పెళ్లి సంగతి చెప్పకుండా ఆమె వాటా తీసుకుంటూ పోతే, ఆ డబ్బు 70వ సెక్షన్ కింద వెనక్కి కట్టమంటారు.

ఇక అసలు ప్రమాదం ఎక్కడుందో చెబుతాను. కొన్నేళ్ల క్రితం నా దగ్గరకు ఒక కోడలు కన్నీళ్లతో వచ్చింది. భర్త పోయినప్పుడు ఫారం నింపిన మనిషి ‘ముసలావిడ పేరెందుకు, వాటా తగ్గుద్ది’ అని అత్తగారి గడి ఖాళీగా వదిలేశాడట. రెండేళ్ల తర్వాత అత్తగారు మరో కొడుకుతో వచ్చి క్లెయిము వేసింది. ఆఫీసు పాత నిర్ణయాన్ని తిరగదోడింది. వాటాలు తగ్గడంతో పాటు అప్పటిదాకా ఎక్కువ తీసుకున్న సొమ్ము రికవరీ నోటీసు వచ్చింది. పెన్షన్ మీద ఆధారపడి స్కూలు ఫీజులు కట్టేసుకున్న మనిషి దగ్గర వెనక్కి ఇవ్వడానికి ఏముంటుంది? నిజం దాచి పొందిన నిర్ణయాన్ని ఎప్పుడైనా తిరగదోడే అధికారం అదే 55వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి ‘అమ్మ పేరు రాయకుండా ఉందాం, నేను ఆమెను చూసుకుంటాను’ అని మీరు అనుకున్నా, అది మీ వదినగారికి మేలు కాదు.

గడువు కూడా చూసుకోండి. ఈ ప్రయోజనం రావాల్సిన రోజు నుంచి 12 నెలల్లోపు క్లెయిము పెట్టాలి. దాటితే ఈఎస్‌ఐ కోర్టులో ఆలస్యానికి సరైన కారణం చూపించి గడువు అడగాల్సి వస్తుంది. మీ అన్నయ్య పోయింది 2025 జూన్‌లో కాబట్టి 2026 జూన్ దాకా ఆగకండి. వదినగారు వేసిన ఫారం 15లో అమ్మగారి పేరు లేకపోతే, అమ్మగారి తరఫున వేరే ఫారం 15 ఇవ్వండి. దానికి మరణ ధ్రువపత్రం, మీ నాన్నగారి మరణ ధ్రువపత్రం, అమ్మగారి వయసు, బంధుత్వం తెలిపే కాగితాలు జతచేయాలి. నాన్నగారి పత్రం చాలా ఇళ్లలో ఉండదు. పంచాయతీలో నమోదు కాకపోతే ముందు దానికి తిరగడం మొదలుపెట్టండి, నెలలు పట్టేది అదే.

ఇదే ఊపులో జీతం లెక్క కూడా సరిచూడండి. ప్రమాదం 2025 జూన్‌లో జరిగింది కాబట్టి ఆఫీసు చూసేది ఆ నెల జీతం కాదు. 2024 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకు మిల్లు ఈఎస్‌ఐకి చూపించిన జీతం. చేతికి 15,000 ఇస్తూ కాగితం మీద తక్కువ చూపించే యజమానులు ఉన్నారు. అలా జరిగి ఉంటే పై అంకెలన్నీ ఆ మేరకు పడిపోతాయి. బ్రాంచి ఆఫీసులో కాంట్రిబ్యూషన్ వివరాలు అడిగి చూసుకోండి. మిల్లు ఇచ్చిన జీతం చీటీలు, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి. మిల్లు ప్రమాద రిపోర్టు, అంటే ఫారం 12, ఇచ్చిందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. అది లేకపోతే ‘పనిలో జరిగిన ప్రమాదం’ అని రుజువు చేసుకునే భారం మీ మీద పడుతుంది.

2025 నవంబర్ 21 నుంచి కొత్త సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చిందని ఎవరైనా మిమ్మల్ని కంగారు పెడితే పట్టించుకోకండి. మీ అన్నయ్య అంతకుముందే పోయారు, ఆ రోజు ఉన్న చట్టం ప్రకారం మీకు హక్కు ఏర్పడింది.

పీఎఫ్ పెన్షన్ మాత్రం వేరే సంగతి. దాన్ని దీనితో కలిపి మాట్లాడుకుంటే గొడవ పెరుగుతుంది. మిల్లు పీఎఫ్ కట్టి ఉంటే వదినకు వితంతు పెన్షన్, దానిలో 25 శాతం చొప్పున ఒకేసారి ఇద్దరు పిల్లలకు వాళ్ల 25వ ఏడు వరకు వస్తుంది. భార్యాపిల్లలున్న చోట తల్లికి అందులో వాటా లేదు. మీ అమ్మగారి వల్ల అక్కడ ఎవరికీ రూపాయి తగ్గదు. వదినగారితో కూర్చున్నప్పుడు ఈ సంగతే ముందు చెప్పండి. తర్వాత పైన వేసిన 9 వంతుల లెక్కను ఒక కాగితం మీద రాసి ఆవిడ చేతికివ్వండి. ఎవరి వాటా వారి బ్యాంకు ఖాతాకే పడుతుంది కాబట్టి, అమ్మగారికి సొంత ఖాతా లేకపోతే ఈ వారమే తెరిపించండి.